జీవరాజు గారి శుక్రవారాలు

జీవరాజు గారికి పనికి వచ్చిన మనుషుల కంటే రాని మనుషుల మీదే మక్కువ. వచ్చినవాళ్ళకు జీతం ఇవ్వాలి, అందులో గొప్పేముంది? రానివాడి జీతంలో కోయవచ్చు. నెలాఖరున జీతాల పట్టీ ముందేసుకుని, కోతలు రాసే ఎర్ర సిరా కలంతో ఆయన కూర్చుంటే, పెళ్ళికొడుకు ముఖంలో కూడా అంత వెలుగు ఉండదు.

సికింద్రాబాదులో మా గుడారాల కార్ఖానాకు ఆయన హెడ్ గుమాస్తా. నేను ఆయన కింద రెండో గుమాస్తాను. ప్రేమమణి అని పేరు పెట్టి పిలిచేది మానేజరు రిచర్డ్ దొర ఒక్కరే, జీవరాజు గారికి నేను పదేళ్ళ పాటు "అమ్మాయ్"నే. ఆయన రాసిన కోతలను హాజరు పుస్తకంతో, సెలవు చీటీలతో సరిచూసి, కింద సంతకం పెట్టడం నా పని. సరిచూడటం అంటే చదవకుండా సంతకం పెట్టడమని ఆయన అభిప్రాయం. నాకు ముందు పనిచేసినాయన అలాగే పెట్టి, ప్రశాంతంగా రిటైరయ్యాడట.

జీవరాజు గారు గుంటూరు వైపు నుంచి వచ్చిన మనిషి. మిషన్ బడిలో మెట్రిక్ పాసయ్యారు. ఆ సంగతి ఊళ్ళో తెలియనివాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటే, ఆదివారం చర్చి మెట్ల మీద వాళ్ళకూ చెప్పేవారు. రెజిమెంటల్ బజారులో మేడ మీద కాపురం. కంటోన్మెంటు తెల్లదొరలు గుడారాలు కొన్నంత కాలం ఆయన నెత్తిన దొరటోపీ ఉండేది. నిజాం సర్కారు గుత్తలు రాగానే ఎర్ర రూమీ టోపీ ఎక్కింది, నోట ఆదాబ్ వచ్చింది. ఏ సైన్యమైనా గుడారం కావాలి కనుక కార్ఖానాకు దిగుల్లేదు. ఏ సర్కారైనా టోపీ దొరుకుతుంది కనుక ఆయనకూ దిగుల్లేదు.

కార్ఖానాలో ఒక తిరకాసు ఉండేది. ఆఫీసు వాళ్ళకు వారపు సెలవు ఆదివారం. కుట్టుడు షెడ్డులో డెబ్భై మందికి మాత్రం రాజ్యంలో అందరిలాగే శుక్రవారం. షెడ్డు ఆదివారం నడుస్తుంది, ఆఫీసు శుక్రవారం నడుస్తుంది. రెండు పట్టీలూ వేరు వేరుగా రాయాలి. ఏళ్ళ తరబడి రాస్తూనే ఉన్నారు, ఎవరికీ తల తిరగలేదు.

సెలవుల రూల్సు కూడా గోడకు అంటించి ఉండేవి. వారపు సెలవుకు జీతం ఉంటుంది. అయితే ఆ సెలవుకు ముందు రోజూ, తరువాతి రోజూ చెప్పకుండా మానేస్తే, మధ్యనున్న సెలవు కూడా గైరుహాజరే. ఒక పక్కన మానేసి రెండో పక్కన పనికి వస్తే సెలవు సెలవే. కార్ఖానా తానే గేటు మూస్తే ఆ రోజులకు జీతం కోయరాదు. సెలవు రోజున పని చేయించుకుంటే రెట్టింపు కూలి. జ్వరమని సెలవు కావాలంటే డాక్టరు చీటీ తేవాలి. అన్నిటికంటే కింద, అన్నిటికంటే పెద్ద అక్షరాలతో, వరసగా ఎనిమిది రోజులు చెప్పకుండా మానేసినవాళ్ళ పేరు పట్టీ నుంచి కొట్టివేయబడును అని ఉండేది. ఆ చివరి రూలును జీవరాజు గారు బైబిలు వాక్యంలా చదివేవారు.

పోలీసు చర్య వచ్చిన సెప్టెంబరు నెల అది. సోమవారం, పదమూడో తారీఖున ఇండియా సైన్యం బయలుదేరిందన్న కబురు తెలియగానే రిచర్డ్ దొర గేటు మూయించాడు. గురువారం దాకా మూసే ఉంది. మర్నాడు శుక్రవారం ఎలాగూ షెడ్డుకు సెలవు. ఆఫీసు కూడా ఆ రోజు తెరవలేదు. ఆ సాయంత్రమే నిజాం లొంగిపోయాడు, అంతా అయిపోయిందన్నారు. శనివారం, పద్దెనిమిదిన గేటు తెరిచారు. దాదాపు అందరూ భయం భయంగానే వచ్చారు. బోయిగూడ నుంచి సందుల్లో పడి నేనూ వచ్చాను.

రానివాళ్ళలో ఒకామె లచ్చమ్మ. షెడ్డులో గుడారం అంచులు కుట్టే మెషీను ఆమెది. నాలుగేళ్ళు తాళ్ళు పేని, కాన్వాసు మోసి, చివరికి సంపాదించుకున్న మెషీను. శుక్రవారం పొద్దుగూకే వేళ భువనగిరి అవతలి ఊరి నుంచి ఒక మనిషి నడిచి వచ్చి, ఆమె తండ్రి పోయాడని చెప్పాడు. ఎవరూ చంపలేదు. జబ్బు పడ్డ ముసలాయనకు ఆ గొడవల్లో మందు తెచ్చే దిక్కు లేకపోయింది, అంతే. శనివారం తెల్లవారగానే ఆమె మేస్త్రీ సోమయ్య ఇంటికి పోయి చెప్పి, బస్సులు లేక నడుస్తూ వెళ్ళింది. దినం దాకా ఆగితే పని పోతుందని భయపడి, ఆగకుండానే శుక్రవారం రాత్రికి తిరిగొచ్చి, శనివారం, ఇరవై అయిదున మెషీను ముందు కూర్చుంది.

రానివాళ్ళలో రెండో మనిషి జీవరాజు గారు. ఆయన ఇల్లు ఆఫీసుకు కూతవేటు దూరం. అయినా ఇరవై నాలుగో తారీఖు శుక్రవారం దాకా ఆయన కనబడలేదు. ఆ రోజు వచ్చినప్పుడు నెత్తిన తెల్లటి ఖద్దరు టోపీ ఉంది, దాని మీద ఇస్త్రీ మడత ఇంకా పోలేదు. విపరీతమైన జ్వరమని చెప్పి రెండుసార్లు దగ్గారు. ఆ తరువాతి ఆదివారమే వాళ్ళావిడ కాంతమణి గారు చర్చిలో నా పక్కన కూర్చుని నిజం చెప్పేసింది. "జ్వరమా పాడా, తలుపుకు లోపలి నుంచి తాళమేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నారమ్మా. పాలవాడు తలుపు కొడితే మంచం కిందికి దూరారు" అంది. భయపడటం తప్పు కాదు. ఆ రోజుల్లో భయపడనివాడెవడు? భయపడి దాక్కున్నవాడు ఇంకొకరి భయాన్ని కోతగా రాసుకోవడం చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది.

నెలాఖరుకు కార్ఖానా యజమాని సేఠ్ గారు కొత్త నోటీసు అంటించారు. కొత్త దొరలకు నచ్చుతుందనుకున్నారు కాబోలు, అక్టోబరు ఒకటి నుంచి షెడ్డుకు కూడా వారపు సెలవు ఆదివారమే అన్నారు. నోటీసు చూసి జీవరాజు గారికి కలిగిన ఆనందం చెప్పనలవి కాదు. ప్రభువు దినం గెలిచిందన్నారు. ఆ ఆనందంలో ఆయన అక్టోబరు దాకా ఆగలేకపోయారు. సెప్టెంబరు పట్టీకే ఆదివారాలన్నిటికీ సెలవని గీతలు గీసేశారు. శుక్రవారాలు మామూలు పనిదినాలైపోయాయి. పనిదినమైన శుక్రవారం షెడ్డు మనుషులెవరూ రాలేదు కనుక డెబ్భై మందికీ నాలుగేసి రోజులు గైరుహాజరు పడింది.

వాళ్ళెలా వస్తారు? ఆ నాలుగు శుక్రవారాలూ షెడ్డుకు తాళం వేయించింది మనమే. తాళం వేసి, లోపలికి రాలేదని జీతం కోయడానికి మెట్రిక్ పాసయి ఉండాలి.

పట్టీ నా ముందుకు వచ్చేసరికి ఆయన టీ తాగుతున్నారు. నేను ముందు లచ్చమ్మ వరస చూశాను. ఆమె నిజంగా రానిది పద్దెనిమిది శనివారం నుంచి ఇరవై మూడు గురువారం దాకా, ఆరు రోజులు. ఆ ఆరింటికి ముందు ఒక శుక్రవారం, వెనక ఒక శుక్రవారం. రెండూ షెడ్డుకు సెలవులే. మొదటి దానికి అవతలి పక్క గేటు మూసిన రోజులు, రెండో దానికి అవతలి పక్క ఆమె పనికి వచ్చిన రోజు. కనుక రెండూ గైరుహాజరు కావు. జీవరాజు గారి పట్టీలో ఆ శుక్రవారాలు రెండూ పనిదినాలై, ఆరు కాస్తా వరసగా ఎనిమిదైంది. పక్కన చిన్నగా, అందంగా, పేరు కొట్టివేయడమైనది అని రాసి ఉంది.

సోమయ్య మేస్త్రీ అప్పటికే ఆమెను తీసుకొచ్చి ఆఫీసు గుమ్మం ముందు నిలబెట్టాడు. జీవరాజు గారు ఆమె వైపు చూడకుండానే, పాత పేరు పోయిందనీ, కావాలంటే కొత్త మనిషిగా చేరవచ్చనీ, కొత్తవాళ్ళకు మెషీను ఇవ్వరు కనుక తాళ్ళు పేనుకోవాలనీ చెప్పారు. ఇన్నేళ్ళ నౌకరీని ఇంత తీరిగ్గా ఊడదీసిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

సోమయ్య ఒక్క మాట అడిగాడు. "గామె నాతోని చెప్పే వోయింది సారూ. తండ్రి సచ్చిండు, ముందుగాల అర్జీ ఎట్ల పెడ్తది?"

చావు కబురైనా కాగితం మీద రావాలని జీవరాజు గారు జవాబిచ్చారు. నోటితో చెప్పింది రూల్సులో లేదన్నారు. అక్కడి దాకా ఆయన మాట చెల్లుతుంది. చీటీ లేదు, మిగిలిన మామూలు సెలవులేవీ ఆమె ఖాతాలో లేవు, బోనాలకు వాడేసుకుంది. అందుకే ఆ ఆరు రోజుల జీతం పోవడం గురించి లచ్చమ్మ కూడా నోరెత్తలేదు. "జీతం గోసుకోరి అమ్మా. నా మిషిన్ నాకుంటే సాలు" అని నాతోనే మెల్లగా అంది. ఆ మాట విన్నాక ఆ కాగితం మీద సంతకం పెట్టడానికి నా చెయ్యి రాలేదు.

సెప్టెంబరులో షెడ్డు సెలవు శుక్రవారమే కదా అని ఆయన్నే అడిగాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, తెల్ల టోపీ సర్దుకుని నవ్వారు.

"అమ్మాయ్, ప్రభుత్వమే మారిపోయింది, నువ్వింకా శుక్రవారాల్లోనే ఉన్నావా? కూడిక చూసుకో. వచ్చినవీ, సెలవులూ, మూసినవీ, కోతలూ కలిపితే ముప్ఫై వస్తున్నాయా లేదా?"

వస్తున్నాయి. అదే ఆయన ధీమా. ఒక రోజును ఈ గడిలోంచి తీసి ఆ గడిలో వేస్తే నెలకు రోజులు తగ్గవు, మనిషికి జీతం తగ్గుతుంది. ముప్ఫై వచ్చిందంటే కూడిక వచ్చినట్టు, న్యాయం వచ్చినట్టు కాదు. కాని ఈ మాట ఆయనతో అని లాభం లేదు. ఆయనకు న్యాయం అనే గడి ఆ పట్టీలో ఎక్కడా కనబడలేదు.

నేను పట్టీనీ, హాజరు పుస్తకాన్నీ ఎత్తుకుని రిచర్డ్ దొర గదిలోకి పోయాను. నా వెనకే జీవరాజు గారు గొంతు సవరించుకుంటూ వచ్చారు. దొరకు షెడ్డు జనం మీద జాలి ఉందని నేననుకోలేదు. ఉన్నా దాన్ని నమ్ముకుని పోయేంత అమాయకురాలిని కాను. సేఠ్ డబ్బు మీద మాత్రం దొరకు గౌరవం ఉంది. అందుకని లచ్చమ్మ గురించి ఒక్క మాటా ఎత్తకుండా ఆదివారాల నుంచి మొదలుపెట్టాను. ఈ పట్టీ ప్రకారం సెప్టెంబరులో షెడ్డుకు ఆదివారం సెలవు. హాజరు పుస్తకం ప్రకారం షెడ్డు జనం ఆ నెల ప్రతి ఆదివారం పనిచేశారు. సెలవు రోజున పని చేయించుకుంటే రెట్టింపు కూలి ఇవ్వాలని గోడ మీదే ఉంది. జీవరాజు గారి ఆదివారాలు నిజమైతే డెబ్భై మందికీ నాలుగేసి రెట్టింపు రోజులు సేఠ్ గారు చెల్లించుకోవాలి, సంతకం ఎక్కడ పెట్టమంటారని అడిగాను.

దొర చుట్ట నోట్లోంచి తీసి బల్ల మీద పెట్టాడు. నోటీసు కాపీ తెప్పించి, అక్టోబరు అన్న మాట కింద గోరుతో గీసి, జీవరాజు గారికి చూపించాడు. ఆయన ఇంగ్లీషులో రెండు మూడు వాక్యాలు మొదలుపెట్టి, ఏదీ పూర్తి చేయలేదు. మెట్రిక్ అక్కడ కాస్త తడబడింది.

షెడ్డు పట్టీ మొత్తం శుక్రవారాలతో మళ్ళీ రాయమని దొర నాకు అప్పగించాడు. చివరగా, ఆఫీసు పట్టీ కూడా ఒకసారి సరిచూడమన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన జీవరాజు గారి వైపు చూడలేదు. జీవరాజు గారు మాత్రం గోడ వైపు చూశారు.

లచ్చమ్మ వరస సరిపోయింది. ఆరు రోజుల కోత, పేరు పదిలం, మెషీను పదిలం. డెబ్భై మంది శుక్రవారాలూ వాళ్ళ వాళ్ళకు వెనక్కి వచ్చాయి. ఆ తరువాత ఆఫీసు పట్టీ తెరిచాను. హెడ్ గుమాస్తా గారి వరసలో పద్దెనిమిది నుంచి ఇరవై మూడు దాకా జబ్బు సెలవు, పూర్తి జీతం అని ఆయన చేతిరాతే ఉంది. డాక్టరు చీటీ కోసం ఫైలు తిరగేశాను. లేదు. చీటీ లేని జ్వరానికి ఆయన షెడ్డులో ఎంతమందికి కోత రాశారో నాకు తెలుసు. చీటీ ఏదని అడిగితే, రేపు తెస్తానన్నారు. ఆ రేపు జీతాల రోజు దాకా రాలేదు. తాళంచెవి జేబులో పెట్టుకుని పడుకున్నవాడికి జ్వరమని ఏ డాక్టరు రాసిస్తాడు?

సాయంత్రం అందరూ లేచిపోయాక ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. పదేళ్ళలో అదొక్కసారే ఆయన నిలబడి, నేను కూర్చుని ఉన్నది. కోత తప్పదంటే తప్పదు గాని, మధ్యలో పంతొమ్మిదో తారీఖు ఆదివారం కదా, ఆఫీసుకు సెలవు కదా, అదొక్కటైనా వదిలెయ్యమన్నారు. టోపీ చేతిలో పట్టుకుని అడిగారు.

"ఆదివారం సెలవే సార్," అన్నాను. "కాని దానికి ముందు శనివారమూ మీరు రాలేదు, తరువాత సోమవారమూ రాలేదు. గోడ మీద మీరే అంటించారు."

ఆయనకు కూడా ఆరు వచ్చింది. లచ్చమ్మ లేని రోజులే ఆయన లేని రోజులు, ఒక్క రోజు అటూ ఇటూ కాలేదు. నిజం చెప్పాలంటే ఆ ఆరు అంకె వేస్తున్నప్పుడు నాకు చాలా సంతోషమైంది. దాచుకోవాల్సిన అవసరం ఇప్పటికీ కనబడటం లేదు.

జీతాల రోజున కిటికీ దగ్గర కూర్చునేది హెడ్ గుమాస్తాయే. అదొక్కటి ఆయన ఎవరికీ వదలలేదు. షెడ్డు జనం వరసగా వచ్చి, వేలిముద్ర వేసి, నిజాం నాటి హాలీ సిక్కా రూపాయలు లెక్కపెట్టుకుని పోతున్నారు. పక్కన కూర్చుని పేర్లు పిలుస్తున్నది నేను. ఆఫీసు కబుర్లు షెడ్డుకు చేరడానికి సగం పూట చాలు, హెడ్ గుమాస్తాకు కూడా కోత పడిందని అప్పటికే అందరికీ తెలుసు. కొందరు నవ్వాపుకుంటూ సిక్కాలు అందుకున్నారు. సోమయ్య అయితే ఆపుకోలేదు.

లచ్చమ్మ వంతు వచ్చింది. ముద్ర వేసింది. ఇచ్చినవి లెక్కపెట్టకుండానే కొంగున ముడేసుకుంది. వెళ్ళిపోకుండా కిటికీ ఊచలు పట్టుకుని అక్కడే నిలబడింది. ఆమె కూడా నవ్వబోతుందని నేననుకున్నాను, చూద్దామని తల కూడా ఎత్తాను. ఆమె ముఖంలో నవ్వు లేదు. ఆయన మీద జాలి ఉంది.

"సారూ, నీకు సుత గా ఆరు దినాలే గోసిండ్రంట," అంది. "మీ ఇంట్ల సుత ఎవరన్న పోయిండ్రా?"

జీవరాజు గారు కలం సిరాబుడ్డిలో ముంచారు. మళ్ళీ ముంచారు. వెనక మనుషులు తోసుకుంటున్నా ఆమె జవాబు కోసం నిలబడే ఉంది. చివరికి ఆయన ఎవరూ పోలేదని తల అడ్డంగా ఊపారు. "మంచిగైంది సారూ," అని లచ్చమ్మ మనస్ఫూర్తిగా అని, మెషీను దగ్గరికి వెళ్ళిపోయింది. తరువాతి పేరు పిలవమని ఆయన నాకు చెప్పాలి. కలాన్ని మూడోసారి సిరాబుడ్డిలో ముంచారు.